ఎర్ర సిరా మీద ఎర్ర సిరా: పరీక్షల నియంత్రణాధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల, స్వయంప్రతిపత్తి కళాశాలల పరీక్షల నియంత్రణాధికారులకు,



ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు మీ కార్యాలయాల కౌంటర్ల దగ్గర ఒకే ఫిర్యాదు పదేపదే వినబడుతుంది. పిల్లవాడో, వాళ్ల నాన్నో జవాబు పత్రం నకలు పట్టుకుని వస్తారు. అందులో ఒక అంకె చుట్టూ పెన్సిలుతో గీసి ఉంటుంది. "సార్, ఇక్కడ మార్కులు కొట్టేసి మళ్లీ వేశారు, సిరా కూడా తేడాగా ఉంది" అంటారు. లోపలున్నాయన తలెత్తకుండానే "అవి మామూలే బాబూ, కావాలంటే రీవాల్యుయేషన్‌కు కట్టుకో" అంటాడు. ఇద్దరిలో ఏ ఒక్కరిదీ పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. సిరా తేడా ఎప్పుడు మామూలో, ఎప్పుడు కాదో ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. మీ దగ్గర అమల్లో ఉన్న కొన్ని పద్ధతుల వల్ల అది తెలుసుకునే దారి కూడా మూసుకుపోతోంది. అందుకే మీకు ఈ ఉత్తరం.

నేను డిగ్రీ కళాశాలలో కామర్స్ చెప్పి రిటైరయినవాణ్ని. స్పాట్ వాల్యుయేషన్‌లో మొదట ఎగ్జామినర్‌గా, తర్వాత చీఫ్ ఎగ్జామినర్‌గా కూర్చున్నాను. ఉద్యోగం అయిపోయాక, మార్కులు మారిన జవాబు పత్రాలను పరిశీలించే కమిటీలకు రెండు మూడుచోట్ల పిలిచారు. అక్కడ చూసినదాన్ని బట్టి రాస్తున్నాను.

ముందు మామూలు విషయం. ఒక జవాబు పత్రం స్పాట్ నుంచి బయటికి వెళ్లేలోపు కనీసం ఇద్దరి, ఒక్కోసారి ముగ్గురి చేతులు దాటుతుంది. దిద్దే ఎగ్జామినర్ ఎర్ర సిరాతో లోపల మార్జిన్లో మార్కు వేసి, దాన్నే ముఖపత్రం మీది గళ్లలోకి ఎక్కించి, కింద మొత్తం వేస్తాడు. చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పేపర్లు తీసి మళ్లీ చూస్తాడు. స్క్రూటినైజర్ జవాబుల జోలికి పోడు. దిద్దకుండా వదిలేసిన పేజీ ఉందా, కూడిక సరిపోయిందా అన్నంతవరకే ఆయన పని. ఈ ముగ్గురికీ వేర్వేరు రంగుల సిరా ఉండాలన్నది చాలాచోట్ల నియమం. ఏ రంగు ఎవరిదన్నది సంస్థను బట్టి మారుతుంది. అంటే ఒక పేపరు మీద రెండు మూడు రంగులు కనబడితే అది నియమం ప్రకారం జరిగిన పని అయ్యే అవకాశమే ఎక్కువ.

దిద్దుబాట్లకు నిజాయతీ గల కారణాలూ బోలెడు. అర మార్కులు కూడి పై అంకెకు సవరిస్తారు. ప్రశ్నలో తప్పుందని స్పాట్ మొదలైన రెండోరోజు తేలితే, అప్పటికే దిద్దిన కట్టలన్నీ తిరగేసి మార్కులు కలుపుతారు. చివరి పేజీలో, రఫ్ వర్క్ వెనకాల రాసిన జవాబు స్క్రూటినైజర్ కంట్లో పడుతుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత రీఫిల్ అయిపోయి పక్కవారి పెన్ను అడిగి తీసుకుంటారు. ఈ చివరిదాన్ని చిన్న విషయమనుకోకండి. సిరా తేడా మీద వచ్చే అనుమానాల్లో కొన్ని ఈ రీఫిల్ దగ్గరే తీరిపోతాయి. కాకపోతే అలాంటప్పుడు ఆ ఒక్క పేపర్లోనే కాదు, ఆ కట్టలో ఆ తర్వాతి పేపర్లన్నిటిలోనూ కొత్త సిరాయే ఉంటుంది.

నిజాయతీగా చేసిన దిద్దుబాటు దాక్కోదు. పాత అంకె మీద ఒకే ఒక అడ్డగీత ఉంటుంది, కింద అంకె చదవడానికి వీలుగా కనబడుతూనే ఉంటుంది. కొత్త అంకె పక్కన వేస్తారు, దాని పక్కన పొట్టి సంతకం. మార్చింది ఇంకొకరైతే రంగూ వేరు. దూరం నుంచి చూసినా "ఇక్కడ మార్చారు" అని తెలిసిపోతుంది. పిల్లలూ తల్లిదండ్రులూ చూసి భయపడేది సరిగ్గా ఇలాంటి వాటినే.

ఒక ఉదాహరణ చెబుతాను. అరవై మార్కుల పేపరు, పాసు మార్కు 24. మా ఊరి దగ్గర రైసు మిల్లులో లెక్కలు రాసే ఒకాయన కూతురి జవాబు పత్రం నకలు పట్టుకొచ్చాడు. మెమోలో 23. నకలులో చూస్తే చిన్న ప్రశ్నలకు 2, 2, 3, 1, 2, వెరసి 10. పెద్ద ప్రశ్నలకు 5, 4, ఏదో కొట్టివేత పక్కన 1, తర్వాత 3. మొత్తం గడిలో కూడా కొట్టివేత, పక్కన 23. కొట్టివేత కింది అంకె 6 అని కష్టంమీద పోల్చుకోవచ్చు. ఆ ఆరే ఉండివుంటే పెద్ద ప్రశ్నల మొత్తం 18, అంతా కలిపి 28, పిల్ల పాసు. "కావాలని పోగొట్టారు మాస్టారూ, చూడండి సంతకం కూడా లేదు" అన్నాడాయన.

సంతకం లేదన్నది నకలు వరకు నిజమే. దిద్దుబాటు పక్కన తెల్లటి చతురస్రం ఉంది. ఎవరిదో పొట్టి సంతకం మీద కాగితం ముక్క పెట్టి జిరాక్స్ తీశారు. అది నలుపు తెలుపుల జిరాక్సు కాబట్టి రంగులూ పోయాయి. సమాచార హక్కు కింద మొదటి అప్పీలు వేశాక గానీ ఆయనకు అసలు పేపరు చూసే అవకాశం రాలేదు. చూస్తే ఏముంది? దిద్దుబాటు ఆకుపచ్చ సిరాతో ఉంది. ఆ విశ్వవిద్యాలయంలో ఆకుపచ్చ చీఫ్ ఎగ్జామినర్ రంగు. లోపల మార్జిన్లో ఒకసారి, ముఖపత్రం గడిలో ఒకసారి, మొత్తం దగ్గర ఒకసారి, మూడుచోట్లా ఒకే చేతి పొట్టి సంతకం. ప్రశ్న అద్దె కొనుగోలు పద్ధతి మీద. అమ్మాయి మూడు పేజీలు వాయిదాల పద్ధతి గురించి రాసింది. ఎగ్జామినర్ పొడవు చూసి ఆరు వేశాడు, చీఫ్ చదివి ఒకటి వేశాడు. ఒక్క మార్కుతో తప్పడం బాధే, ఆ ఒక్క మార్కు న్యాయమా కాదా అని వాదించవచ్చు కూడా. కానీ అక్కడ దొంగతనం లేదు. రంగు నకలు ఇచ్చి, సంతకం కప్పిన చోట "చీఫ్ ఎగ్జామినర్" అని ఒక ముద్ర వేసివుంటే ఆ సంగతి కౌంటర్ దగ్గరే తేలిపోయేది. ఆ తండ్రి నెలల తరబడి ఊళ్లో అందరికీ చెప్పుకున్న అన్యాయం కథ అసలు పుట్టేదే కాదు.

ఇక రెండో రకం. మార్కు మార్చి దాన్ని దాచాలనుకున్నవాడు వేరే రంగు వాడడు. ఎర్రదాని మీద ఎర్రదే వాడతాడు. కొట్టివేయడు, పాత అంకెనే కొత్త అంకెగా మలుస్తాడు. ఒకటికి పైన గీత చేరిస్తే ఏడు. సున్నాకు తోక పెడితే ఆరు, నడుం కడితే ఎనిమిది. మూడుకు ఎడమవైపు మూసేస్తే ఎనిమిది. ఆరుకు ముందు ఒకటి చేరిస్తే పదహారు. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన 'సిక్స్' చివర రెండక్షరాలు కలిపితే అరవై. పొట్టి సంతకం పెట్టడు, పెడితే అది ఎవరిదని అడుగుతారు కదా. అందుచేత అనుమానించాల్సింది కళ్లకు కొట్టే ఆకుపచ్చను కాదు, చప్పుడు చేయని ఎరుపును. ఈ మాట నేనొక కమిటీలో చెప్పినప్పుడు తోటి సభ్యుడొకాయన నవ్వాడు. తర్వాత మా ముందుకు వచ్చిన పేపరు చూసి మానేశాడు.

ఆ పేపరు వివరంగా చెప్పాలి. ఇదీ అరవై మార్కులదే, పాసుకు 24 కావాలి. మొదటి ఫలితంలో ఆ అబ్బాయికి 21. రీకౌంటింగ్‌కు డబ్బు కట్టాడు. రీకౌంటింగ్ విభాగం గుమాస్తా పేపరు తీసి కూడాడు. చిన్న ప్రశ్నలు 2, 1, 2, 1, 2, వెరసి 8. పెద్దవి 5, 3, 7, 4, వెరసి 19. మొత్తం 27. ముఖపత్రం మీద కూడా 27 అనే ఉంది. అంటే పేపర్లో కూడిక తప్పు లేదు, పేపరు నుంచి అవార్డు లిస్టులోకి ఎక్కించేటప్పుడు 27ను 21గా రాశారన్నమాట. నమ్మశక్యమైన కారణమే, చేతిరాతలో ఒకటీ ఏడూ కలిసిపోతాయి. పైగా ఇలాంటి పొరపాట్లు ఎంత పెద్దవి జరగగలవో మనకు తెలుసు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో వచ్చిన 99 మార్కులు సున్నాగా వెలువడ్డాయి. బబుల్స్ నింపేటప్పుడు జరిగిన తప్పది. జవాబు పత్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అంకె మారింది దారిలో. గుమాస్తా దీన్నీ ఆ కోవలోనే వేసి 27 చేశాడు. ఫెయిలు పాసయింది. ఫెయిలు పాసయిన కేసులు కమిటీకి రావాలన్న నియమం ఉండబట్టి ఆ పేపరు మా బల్ల మీదికి వచ్చింది.

మాకు మొదట అనుమానం కలిగింది సిరా చూసి కాదు, జవాబు చూసి. ఏడు మార్కులు పడిన ఎనిమిదో ప్రశ్నకు జవాబు అర పేజీ. పదికి ఏడు. అదే పేపర్లో రెండు పేజీల జవాబుకు ఐదు, మరో పేజీన్నర జవాబుకు మూడు. పొడవును బట్టి మార్కులు రావు, నిజమే. కానీ ఆ అర పేజీలో ప్రశ్నను తిరగరాయడం తప్ప ఏమీ లేదు.

తర్వాత భూతద్దం తీశాం. పది రెట్లు పెద్దది చేసి చూపే మామూలు భూతద్దమే, పుస్తకాల షాపులో దొరుకుతుంది. లోపల మార్జిన్లో ఏడు, ముఖపత్రం గడిలో ఏడు, మొత్తంలో ఏడు. మూడింటిలోనూ పైగీత విడిగా వేసినట్టుంది, నిలువుగీతతో కలిసేచోట కాస్త అవతలికి దూకింది. ఎగ్జామినర్ తన సొంత ఏడును ఎలా రాస్తాడో చూడాలంటే ఈ ఒక్క పేపరు సరిపోదు. కట్ట తెప్పించాం. అక్కడ ఆయన ఏడులన్నీ పెన్ను ఎత్తకుండా ఒకే విసురులో పైనుంచి మలుపు తిరిగి కిందికి దిగినవి. నడుం మీద చిన్న అడ్డగీత కూడా వేసే అలవాటు ఆయనది. మా పేపర్లోని మూడు ఏడులకూ నడుం గీత లేదు.

కట్ట వల్ల ఇంకొకటి తెలిసింది, మేం ఎదురుచూడనిది. ముఖపత్రం మీద మొత్తం మార్కులను అక్షరాల్లో రాయడానికి ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఎగ్జామినర్ ఆ కట్టలో ఏ పేపరు మీదా దాన్ని నింపలేదు. తప్పే, కానీ చాలామంది చేసే తప్పు. ఆ ఒక్క పేపరు మీద మాత్రం 'ట్వెంటీ సెవెన్' అని శుభ్రంగా రాసి ఉంది. నమ్మించాలని చేసిన ఆ అదనపు జాగ్రత్తే పట్టించింది.

ఎరుపుల తేడా మామూలు కంటికి అంతగా తెలియలేదు. కిటికీ దగ్గర పగటి వెలుగులో ఒకటి కాస్త గులాబీ వైపుకు, ఒకటి కాస్త నారింజ వైపుకు ఉన్నట్టు నాకనిపించింది, పక్కాయనకు అనిపించలేదు. పేపరును ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాం. వివాదాస్పద పత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల హైదరాబాదులోనే ఉంది, రాష్ట్రాల ల్యాబ్‌లలోనూ ఆ విభాగాలున్నాయి. వీడియో స్పెక్ట్రల్ కంపారేటర్ అనే యంత్రం కింద పేపరు పెట్టి, ఒక రంగు కాంతి వేసి, కంటికి కనబడని పరారుణ కాంతిలో బొమ్మ తీస్తారు. కంటికి ఒకేలా ఎర్రగా కనబడే రెండు సిరాల్లో రంగు పదార్థాలు వేరైతే, ఆ కాంతిలో ఒకటి మెరుస్తుంది, ఒకటి మెరవదు. మా పేపర్లో పైగీతలూ, అక్షరాల్లో రాసిన మొత్తమూ మెరిశాయి. నిలువు ఒకట్లూ మిగతా మార్కులూ మెరవలేదు. ల్యాబ్ పంపిన ఫొటోలో ముఖపత్రం మీద అసలు 21 స్పష్టంగా విడిపోయి కనబడింది.

ల్యాబ్ చెప్పనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫిర్యాదుదారులూ, ఒక్కోసారి అధికారులూ ల్యాబ్ అన్నీ తేల్చేస్తుందనుకుంటారు. రెండు సిరాలున్నాయని చెప్పింది. ఆ పైగీత ఎప్పుడు వేశారో చెప్పలేదు. వారం రోజుల తేడాతో వేసిన రెండు బాల్‌పెన్ గీతల వయసును నమ్మకంగా వేరు చేయడం సాధ్యమయ్యే పని కాదు. ఎవరు వేశారో కూడా చెప్పలేదు. మూడు చిన్న అడ్డగీతల నుంచి చేతిరాతను గుర్తుపట్టడం ఎవరివల్లా కాదు, అక్షరాల్లో రాసిన రెండు మాటలూ పోల్చి చూడటానికి చాలలేదు. ఇంకో హెచ్చరిక: రెండు సిరాలూ యంత్రం కింద ఒకేలా కనబడితే అవి ఒకే పెన్నువి అని అర్థం కాదు. ఒకే కంపెనీ రీఫిళ్లు లక్షల్లో అమ్ముడవుతాయి. తేడా కనబడితే అది రెండు సిరాలకు రుజువు. కనబడకపోతే ఏ వైపూ ఏమీ రుజువైనట్టు కాదు.

"ఎప్పుడు" అన్నది సిరా నుంచి రాదు, పక్కనున్న కాగితాల నుంచి వస్తుంది. ఎగ్జామినర్ స్పాట్‌లో అదే రోజు సంతకం చేసిచ్చిన అవార్డు లిస్టులో 21 ఉంది, అందులో దిద్దుబాటు లేదు. కాబట్టి పేపరు స్పాట్ దాటాకే, రీకౌంటింగ్ గుమాస్తా చేతికి రాకముందే మారింది. ఆ మధ్యకాలమంతా అది స్టోరు గదిలో ఉంది. గది తాళం రిజిస్టరు అడిగితే, ఫలితాల తర్వాత ఆ వారాల్లో ఒక్క ఎంట్రీ లేదు. తెరవలేదని కాదు, రాయలేదని. అక్కడితో మా దారి ఆగిపోయింది. మార్కులు తిరిగి 21 అయ్యాయి, చేసినవారెవరో తేలలేదు.

ఇందులో మీరు ప్రత్యేకంగా గమనించాలని కోరేది రీకౌంటింగ్ సంగతి. రీవాల్యుయేషన్‌లో ఇంకొకరు జవాబు చదువుతారు, అర పేజీకి ఏడు ఎందుకని వారికి తట్టవచ్చు. రీకౌంటింగ్‌లో చదవడం లేదు, ఉన్న అంకెల్ని కూడటమే. అంకె మారిన పేపరును రీకౌంటింగ్‌కు పెడితే, నిజాయతీపరుడైన గుమాస్తా నిజాయతీగా కూడి తప్పుడు మార్కుకు ముద్ర వేస్తాడు. లోపల ఎవరితోనో మాట్లాడుకున్నవాడు ఎక్కువ ఫీజు కట్టి రీవాల్యుయేషన్‌కు పోడు, రీకౌంటింగ్‌కే పోతాడు. కాబట్టి రీకౌంటింగ్‌లో మార్కు మారితే, ముఖ్యంగా ఫెయిలు పాసయితే, కూడిక తప్పు ఎక్కడ జరిగిందో కాగితం మీద చూపించాలి. గళ్ల మొత్తానికీ కింద వేసిన మొత్తానికీ తేడా ఉంటే అది ఎగ్జామినర్ కూడిక తప్పు. రెండూ సరిపోయి అవార్డు లిస్టు మాత్రమే వేరుగా ఉంటే, అక్కడ ఆగి ఆ కట్ట తెప్పించాలి. పది పేపర్ల ముఖపత్రాలు పక్కపక్కన పెట్టి చూడటానికి పావుగంట పట్టదు. విద్యార్థి ఎంత తెలివైనవాడైనా ఈ పని చేయలేడు, ఇతరుల పేపర్లు అతనికి చూపరు. మీరు మాత్రమే చేయగలరు.

స్పాట్‌లోనే ఏ రోజు కట్ట ఆ రోజు ముఖపత్రాలను రంగుల్లో స్కాన్ చేసి, ఆ బొమ్మల్ని పరీక్షల విభాగం బయట ఎక్కడైనా దాచితే పై కథలో ల్యాబే అక్కర్లేదు. ఆ రోజు బొమ్మ, ఈ రోజు పేపరు పక్కపక్కన పెడితే చాలు. తెరమీద దిద్దే పద్ధతికి మారిన విశ్వవిద్యాలయాలు "మాకీ బాధ లేదు" అనుకోవచ్చు. సిరా బాధ లేదు, అంతే. అక్కడ అంకె మారితే గీత కూడా మిగలదు. ఏ లాగిన్ నుంచి, ఏ నిమిషంలో, పాత విలువ ఎంత, కొత్త విలువ ఎంత అన్న చిట్టా ఉంటేనే కనబడుతుంది. ఆ చిట్టాను చెరిపే అధికారం మార్కులు మార్చగల మనిషి చేతిలోనే ఉంటే అదీ లేనట్టే.

ఇక నకళ్ల విషయం. 2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో, దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని తేల్చింది. అదే తీర్పులో ఎగ్జామినర్లు, స్క్రూటినైజర్ల పేర్లూ సంతకాలూ పొట్టి సంతకాలూ కప్పేసి ఇవ్వాలని కూడా చెప్పింది. దిద్దినవారి క్షేమం కోసం పెట్టిన షరతు, సబబైనదే. మీరు దాన్ని అక్షరాలా పాటిస్తున్నారు. ఫలితం ఏమిటంటే, అధికారం ఉన్నవాడు చేసిన దిద్దుబాటునూ లేనివాడు చేసిన దిద్దుబాటునూ వేరుచేసే ముఖ్యమైన గుర్తు, అంటే పక్కనున్న సంతకం, నకలులో మాయమవుతోంది. ఆ రైసు మిల్లు ఆయన చూసిన తెల్ల చతురస్రం అదే. తీర్పును మీరకుండానే దీన్ని సరిచేయవచ్చు. సంతకం కప్పండి, కప్పిన చోట అక్కడ సంతకం ఉందనీ, అది ఏ హోదాలోని వారిదనీ ముద్ర వేయండి. పేరు బయటపడదు, అనుమానం తీరుతుంది. సంతకం లేని చోట ముద్ర ఉండదు కాబట్టి అనుమానించాల్సిన చోట అనుమానం నిలుస్తుంది.

నకలు రంగుల్లో ఇవ్వండి. నలుపు తెలుపుల జిరాక్సులో ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నీ ఒకే బూడిద రంగు. కొట్టివేత కింది అంకె నల్ల మచ్చయిపోతుంది. అంగుళానికి 300 చుక్కల రంగు స్కాన్ ఇప్పుడు ఏ జిల్లా కేంద్రంలోనైనా దొరికే సౌకర్యమే. ముఖపత్రం వెనకవైపూ, ఖాళీ పేజీలూ కూడా ఇవ్వాలి. పై పేజీ మీద నొక్కి రాసిన అంకె కింది పేజీ మీద అచ్చు వదులుతుంది. ఏటవాలుగా పడే వెలుగులో ఆ అచ్చు కొన్నిసార్లు చదవగలిగేంతగా ఉంటుంది. స్కాన్‌లో అది రాదనుకోండి. కానీ ఆ పేజీ ఉందని తెలిస్తేనే అసలు పేపరు చూపమని అడుగుతారు.

అసలు పేపరు చూడటం విద్యార్థి హక్కే. సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ ప్రకారం నకలు తీసుకోవడంతో పాటు రికార్డును స్వయంగా పరిశీలించడం కూడా సమాచార హక్కే. కానీ కాలం దగ్గర ఈ హక్కు కరిగిపోతోంది. పేపర్లు దాచి ఉంచే గడువు ఎంతవరకో అంతవరకే చూపాల్సిన బాధ్యత అని పై తీర్పే చెప్పింది. ఆ కేసులో సీబీఎస్‌ఈ గడువు మూడు నెలలు. ఇప్పుడు లెక్క వేయండి. ఫలితాలొచ్చాక నకలుకు దరఖాస్తు చేసుకుని అది చేతికి రావడానికి ఒక నెల. అది చూసి అనుమానం వచ్చి, అసలు చూస్తానని సమాచార హక్కు దరఖాస్తు పెడితే జవాబుకు 30 రోజులు. నిరాకరిస్తే మొదటి అప్పీలు మీద నిర్ణయానికి మరో 30 రోజులు, ఒక్కోసారి 45. మూడు నెలల గడువైతే అప్పీలు గెలిచేనాటికి పేపరు గుజ్జుగా మారుతుంది. దరఖాస్తు పెండింగులో ఉన్న పేపరును పారేస్తే సమాచార అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. జరిమానా పడితే పేపరు తిరిగి రాదు. కాబట్టి దరఖాస్తు అందిన రోజునే ఆ పేపరునే కాదు, ఆ కట్ట మొత్తాన్నీ, దాని అవార్డు లిస్టునూ విడిగా తీసి సీలు వేయించండి. కట్ట లేకుండా ఆ ఒక్క పేపరు దాచి లాభం లేదు. మా కేసు తేలింది కట్ట వల్లేనని పైన చెప్పాను.

2024లో పార్లమెంటు చేసిన ప్రభుత్వ పరీక్షల అక్రమాల నిరోధక చట్టం జవాబు పత్రాలను తారుమారు చేయడాన్నీ, నిజమైన పొరపాటు సరిదిద్దడానికి తప్ప అధికారం లేకుండా మార్కులు మార్చడాన్నీ నేరాలుగా చెప్పింది. మూడు నుంచి ఐదేళ్ల జైలు, పది లక్షల వరకు జరిమానా. అయితే అది యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్, రైల్వే, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు, ఎన్‌టీఏ వంటి కేంద్ర పరీక్షలకు. మీ సెమిస్టరు పరీక్షలు ఆ జాబితాలో లేవు. అయినా ఆ చట్టం గీసిన గీత మీకూ పనికొస్తుంది. మార్చడమంతా నేరం కాదు, నిజమైన పొరపాటును అధికారంతో సరిదిద్దడం నేరం కాదు. అధికారం ఉందో లేదో కాగితం మీద కనబడకపోవడమే అసలు చిక్కు.

ఒక చిన్న పనితో మీరు రేపే మొదలుపెట్టవచ్చు. వచ్చే స్పాట్‌లో మొత్తం మార్కులు అక్షరాల్లో రాయని పేపరును స్క్రూటినైజర్ తీసుకోకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ముప్పై పేపర్ల కట్టకు పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. మా వాళ్లు విసుక్కుంటారు, నేనూ ఆ రోజుల్లో విసుక్కునేవాణ్నే. 'ట్వెంటీ వన్' అని రాసి ఉన్న పేపరు మీద 21ని 27 చేయాలంటే మాత్రం పైగీత ఒక్కటి చాలదు.

ఇట్లు,
విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా